కొత్త ఫోన్ వద్దు, ముందు ఆటో మోడ్ తీసేయండి

ప్రశ్న: ఇత్తడి ఏనుగు బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. తెల్ల చార్ట్ ముందు టర్న్‌టేబుల్ మీద పెట్టి ఫోన్‌తో వీడియో తీస్తే నల్ల చారలు పాకుతున్నాయి. వెనక తెలుపు కాసేపు బూడిద రంగులోకి, కాసేపు నీలంలోకి మారుతోంది. కొత్త ఫోన్ కొనాలా?

వద్దు. ఇదే ఫిర్యాదు వేరువేరు వస్తువుల పేర్లతో వస్తూనే ఉంది, అందులో ఫోన్ తప్పు మాత్రం చాలా అరుదు.

చారలు మీ లైట్ల వల్ల వస్తున్నాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దాంతో చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మన కంటికి అది తెలియదు కానీ 1/60 సెకను దగ్గరో, 1/100 కంటే వేగంగానో ఉన్న షట్టర్‌కి దొరికిపోతుంది. వీడియో ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి, చారలు పోతాయి. అప్పటికీ పోకపోతే లైటుకి డిమ్మర్ ఉందేమో చూడండి. కొన్ని చవక డిమ్మర్లు వెలుగు తగ్గించడానికి బల్బుని వేరే వేగంతో ఆపి ఆపి వెలిగిస్తాయి, దానికి ఈ షట్టర్ లెక్క పనిచేయదు. డిమ్మర్ ఫుల్‌లో పెట్టి లైటునే కాస్త దూరం జరపండి.

రంగు మారడం ఇంకో సంగతి. ఏనుగు పక్కకి తిరిగినప్పుడు ఫ్రేమ్ నిండా ఇత్తడే కనిపిస్తుంది, పసుపు ఎక్కువైందనుకుని ఫోన్ నీలం కలుపుతుంది. తొండం మీ వైపు తిరగగానే ఎక్కువ భాగం తెల్ల చార్టే, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, తెలుపు బూడిదైపోతుంది. అందుకే రంగుని సరిచేసే వైట్ బ్యాలన్స్, వెలుగుని పెంచి తగ్గించే ఐఎస్‌ఓ, ఫోకస్ మూడూ ఆటోలోంచి తీసి చేత్తో పెట్టాలి. ఏనుగు పక్కకి ఉన్నప్పుడు చూసి, ఇత్తడి మీద మెరుపు పూర్తిగా తెల్లబడిపోకుండా ఐఎస్‌ఓ పెట్టుకోండి. చార్ట్ ఇంకా బూడిదగానే ఉంటే బొమ్మ మీద వెలుగు పెంచకండి, చార్ట్‌ని మూడు నాలుగు అడుగులు వెనక్కి జరిపి దానికి విడిగా ఒక లైటు వేయండి. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేసి, కిటికీ కర్టెన్ మూసి, ఒకే రకం బల్బులు వాడండి.

ఇక మెత్తటి వెలుగు. పాలిష్ చేసిన ఇత్తడి అద్దమే, ఎదురుగా ఏముంటే అదే అందులో కనిపిస్తుంది. బల్బు పెడితే బల్బే చుక్కలా మెరుస్తుంది, కాబట్టి బల్బుకీ బొమ్మకీ మధ్య తెల్ల పంచె బిగించి కట్టండి, బొమ్మ కంటే ఆ గుడ్డ చాలా పెద్దగా, వీలైనంత దగ్గరగా ఉండాలి. అయితే చుట్టూ తెలుపే ఉంటే ఏనుగు చెవి ఎక్కడ ఆగిందో, చార్ట్ ఎక్కడ మొదలైందో తెలియదు. ఫ్రేమ్‌కి బయట రెండు పక్కలా నల్ల చార్ట్ ముక్కలు నిలబెడితే అంచుల్లో సన్నటి నల్ల గీత పడి ఆకారం తేలుతుంది. ఇంకో నల్ల చార్ట్‌కి చిల్లు పెట్టి లెన్స్ అందులోంచి చూసేలా చేస్తే మీ ఫోనూ, మీ ముఖమూ ఏనుగు పొట్ట మీద కనిపించవు. మీ వెనకాల గోడకి ఆనించిన కొరియర్ పార్సిల్ మీది అడ్రస్ కూడా.

అడ్రస్ అంటే గుర్తొచ్చింది, నాకు అసలు టెన్షన్ ఇక్కడే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుందని చాలామంది వీడియోని రీసెల్లర్ గ్రూపుల్లో డాక్యుమెంట్‌గా పంపుతున్నారు. అలా పంపితే ఫైల్ యథాతథంగా వెళ్తుంది, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే మీ ఇల్లు మ్యాప్‌లో ఎక్కడుందో కూడా దాంతోపాటే వెళ్తుంది. ఇంట్లోనే సరుకు పెట్టుకుని ఒంటరిగా వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు, ముక్కూ ముఖం తెలియని వందలమందికి ఇలా ఇంటి దారి చూపిస్తున్నారు! గ్యాలరీలో వీడియో వివరాలు తెరవండి, మ్యాప్ కనిపిస్తే ఉన్నట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో 'Privacy & Security' కింద లొకేషన్ సర్వీసెస్‌లోకి వెళ్లి కెమెరాకి 'Never' పెట్టండి. ఇది ఇకముందు తీసేవాటికే పనిచేస్తుంది, పాత వీడియోల్లో ఉన్నది అలాగే ఉంటుంది, వాటిని పంపేముందు విడిగా తీసేయాలి.

యాప్ లేనిదే తిరగని టర్న్‌టేబుళ్ల సంగతీ ఇంతే. ఒక మోటారు, ఒక స్విచ్ చాలిన వస్తువుకి లాగిన్ ఎందుకు? బ్లూటూత్‌తో పరికరాన్ని వెతకడానికి పాత ఆండ్రాయిడ్‌లో లొకేషన్ అనుమతి తప్పనిసరి, ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి 'Nearby devices' అని విడిగా ఉంది. అది అడిగితే ఇవ్వండి. కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు అడిగితే మాత్రం ఆ వస్తువుని తిరిగి పంపేసి, స్విచ్ ఉన్నది కొనుక్కోండి.