కాలువ పాఠానికి బయల్దేరే ముందు

చిరంజీవి అమ్మాయికి,

"నీరు" అనే అంశంతో ఎనిమిదో తరగతికి సబ్జెక్టులన్నీ కలిపి చెబుతానని రాశావు. తెలుగులో నీటి మీద కవిత, లెక్కల్లో ట్యాంకు, సాంఘికంలో నదుల పేర్లు పెట్టావు. వీటికి పేరొక్కటే ఉమ్మడి. ఒకటి తీసేసినా మిగతావాటికి లోటు రాదు. అంశం బదులు ప్రశ్న పెట్టుకో: మన శివారు పొలాలకు సార్వా నీళ్ళు ఎందుకు ఆలస్యంగా వస్తాయి? దీనికి ఏ ఒక్క సబ్జెక్టూ జవాబు చెప్పలేదు.

మా పిల్లల్ని కోనసీమలో ఒక పిల్లకాలువ మీది రెండు వంతెనల దగ్గరికి తీసుకెళ్ళాను. నీళ్ళలోకి ఎవరినీ దిగనివ్వలేదు. వంతెన మీంచి వెడల్పు కొలిచి, తాడుకు రాయి కట్టి లోతు చూశాం. నిమ్మకాయ వదిలి, గట్టు మీద గుర్తుపెట్టిన 20 మీటర్లు ఎంతసేపట్లో దాటిందో మూడుసార్లు లెక్కపెట్టి సగటు తీశాం.

పై వంతెన దగ్గర వెడల్పు 6 మీటర్లు, లోతు 1 మీటరు, సమయం 40 సెకన్లు. అంటే సెకనుకు అర మీటరు వేగం. అడుగునా గట్ల పక్కనా నీరు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి వెడల్పు, లోతు, వేగాల లబ్ధాన్ని 0.85తో గుణించాలి. సెకనుకు సుమారు 2,550 లీటర్లు, రైతుల భాషలో 90 క్యూసెక్కులు. కింది వంతెనకు కాస్త దిగువన గుర్రపుడెక్క పట్టేసింది. అక్కడ వెడల్పు అంతే, లోతు 1.2 మీటర్లు, సమయం 80 సెకన్లు. లెక్కేస్తే 54 క్యూసెక్కులే. నిండుగా కనబడ్డ చోట తక్కువ పారుతోందని పిల్లలు నమ్మలేక మళ్ళీ కొలిచారు.

ఇక్కడ తొందరపడకు. ఆ తేడా అంతా గుర్రపుడెక్క మింగిందని వాళ్ళు రాసేశారు. నిజానికి మధ్యలో తూములున్నాయి. డెక్క నీటిని ఎగదన్ని మట్టం పెంచితే పై తూముల్లోకి ఎక్కువ నీరు పోతుంది. ఎవరి తూము ఎంతసేపు తెరిచి ఉందో కాలువ మీద నీళ్ళు చూసే లస్కరును అడిగితేనే తేలింది. ఈ కాలువల్లోకి గోదావరి నీళ్ళు మళ్ళించడానికి కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన సంగతి అప్పుడు చెప్పాను. నీటి దారిలో తాము ఎంత చివర ఉన్నారో పిల్లలు పటంలో వెతుక్కున్నారు.

టైంటేబుల్ మొత్తం మార్చమని హెడ్మాస్టారిని అడగొద్దు, ఒప్పుకోరు. పదిహేను రోజులకొకసారి రెండు పీరియడ్లు పక్కపక్కన చాలు. లెక్కల మాస్టారి దగ్గర తీసుకున్న పీరియడ్ ఆ వారంలోనే తిరిగివ్వు, రిజిస్టరులో రాయించు. నేను మొదటి ఏడాది తిరిగివ్వలేదు. రెండో ఏడాది ఎవరూ కలిసిరాలేదు.

మార్కుల దగ్గరే అసలు చిక్కు. జట్టుకు ఒకే మార్కు వేస్తే కొలిచినవాడికీ, పక్కన నిలబడ్డవాడికీ తేడా తెలియదు. కొలతలు జట్టువి, జవాబు ఎవరికి వారిది కావాలి. "లోతు సగమై, వేగం అంతే ఉంటే ఎంత పారుతుంది?" ఇది లెక్కలకు. "పై నీరు ఎందుకు వేగంగా నడుస్తుంది?" ఇది సైన్సుకు. ఇరిగేషన్ ఏఈ గారికి అర్జీ తెలుగుకు. ప్రతి మాస్టారూ తన భాగమే దిద్దాలి. అర్జీలో అక్షరదోషాలున్నాయని లెక్కల మార్కు తగ్గకూడదు.

కాలువకు నీళ్ళు వదిలాక, డెక్క తీయించకముందే వెళ్ళు. లస్కరుకు ముందురోజే కబురు పెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు