మాక్ పేపర్లు దిద్దడానికి పేపర్‌కి ఎంత అడగాలి?

ప్రశ్న: బెంగళూరులో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు సెకండ్ పీయూసీ ఫిజిక్స్ మాక్ పేపర్లు దిద్దమంటున్నారు. పేపర్‌కి 40 రూపాయలంటే ఒప్పుకోవచ్చా అండీ?

జవాబు: అయిదు పేపర్లు గడియారం పెట్టుకుని దిద్ది చూసేదాకా ఏ రేటుకీ ఒప్పుకోకండి. మీకు దక్కేది గంటకే లెక్క, గంటకు ఎన్ని పేపర్లు అవుతాయో ముందు తెలియాలి.

శాంపిల్‌గా బాగా రాసేవాళ్ల పేపర్లే ఇస్తుంటారు, అవి చకచకా అయిపోతాయి. మధ్యస్థంగా రాసేవాళ్లవీ అడగండి. డెరివేషన్‌లో మూడో లైన్‌లో గుర్తు తప్పితే, ఆ తర్వాతి స్టెప్పులన్నీ చదివి స్టెప్ మార్కులు వేయాలి. టైమంతా అక్కడే పోతుంది.

ఉదాహరణకు 70 మార్కుల పేపర్ దిద్దడానికి 14 నిమిషాలు, తప్పుల పక్కన నోట్ రాయడానికి 3, టోటల్ వేసి షీట్‌లో ఎక్కించడానికి 3 పట్టిందనుకోండి. మొత్తం 20 నిమిషాలు, గంటకు మూడు పేపర్లు. 40 చొప్పున గంటకు 120 రూపాయలే. గంటకు 300 కావాలనుకుంటే పేపర్‌కి 100 అడగాలి. నోట్స్ వద్దంటే 17 నిమిషాలే కాబట్టి 85కి దిగొచ్చు.

రీచెకింగ్ ఎప్పుడూ ఉచితమేనని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. టోటల్ తప్పితే మీరే ఊరికే సరిచేయాలి, న్యాయం. కానీ వాళ్ల ఆన్సర్ కీ మారి మళ్లీ దిద్దాల్సొస్తే అది కొత్త పని. దానికి వేరే రేటని, డబ్బు ఏ తేదీకి వేస్తారో కూడా మొదటి కట్ట తీసుకునే ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.