ఖాలా అంటే పిన్నా, పెద్దమ్మా?

ప్రశ్న: కొన్ని అరబ్బీ, పారశీక కథలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. అంకుల్, ఆంట్, కజిన్ అని ఉన్నచోటల్లా బాబాయి, పిన్ని, బావ అని రాసుకుంటూ పోయాను. అరబ్బీ తెలిసిన మిత్రుడొకరు సగం వరసలు తప్పన్నారు. ఎలా సరిచూసుకోవాలి?

సమాధానం: మీ మిత్రుడి మాట నిజమే. తప్పంతా మధ్యలో ఉన్న ఇంగ్లీషుది. మూలంలో ఏ మాట ఉందో కనుక్కోండి. అరబ్బీలో తండ్రి అన్నదమ్ములెవరైనా అమ్మ్, అక్కచెల్లెళ్లెవరైనా అమ్మా. తల్లి వైపైతే ఖాల్, ఖాలా. (ఈ అమ్మాను తెలుగు లిపిలో అలాగే దించితే మేనత్త కాస్తా కన్నతల్లి అయి కూర్చుంటుంది. ఒకసారి ప్రూఫులు దిద్దుతూ నేనే బోల్తాపడ్డాను.) ఫారసీలోనూ ఇంచుమించు ఇవే: అమూ, అమ్మె, ఖాలె. మేనమామను మాత్రం తుర్కీ నుంచి వచ్చిన మాటతో దాయీ అంటారు.

మేనత్త, మేనమామల దగ్గర పేచీ లేదు. చిక్కంతా అమ్మ్, ఖాలాల దగ్గరే. అరబ్బీ మాట ఏ వైపు చుట్టమో చెబుతుంది, పెద్దో చిన్నో చెప్పదు. మనది తిరగేసిన లెక్క. నాన్న తమ్ముడూ బాబాయే, పిన్ని భర్తా బాబాయే. పెద్దా చిన్నా తెలుస్తుంది కానీ ఏ వైపో తెలియదు.

ఒక హదీసు, అంటే ప్రవక్త మాటలను, చేతలను చెప్పే కథనం, చూడండి. 629లో ముహమ్మద్ ప్రవక్త ఉమ్రా అనే యాత్ర ముగించుకుని మక్కా నుంచి బయల్దేరుతుంటే, ఉహుద్ యుద్ధంలో చనిపోయిన హమ్జా కూతురు "యా అమ్మ్, యా అమ్మ్" అంటూ వెంటపడింది. హమ్జా ప్రవక్తకు బాబాయి. ఆ లెక్కన ఆ పిల్లకు ప్రవక్త అన్న కావాలి. మరి అమ్మ్ అని పిలిచిందేం? హమ్జా, ప్రవక్త చిన్నప్పుడు ఒకే దాది పాలు తాగారు, పాలవరసన అన్నదమ్ములు. పెద్దవాళ్లను గౌరవంగా అమ్మ్ అని పిలవడం కూడా అరబ్బుల్లో ఉంది. హమ్జా వయసులో కాస్త పెద్ద కాబట్టి తెలుగులో ఆ పిల్ల చేత "బాబాయీ!" అనిపించవచ్చు. పాలవరస సంగతి కథలోనే ఒక ముక్కలో చెప్పకపోతే, వరస తెలిసిన పాఠకుడు తప్పు పడతాడు.

ఆ పిల్లను ఎవరు పెంచాలని ప్రవక్త సహచరులు అలీ, జాఫర్, జైద్ ముగ్గురూ వాదులాడుకున్నారు. జైద్‌ది రక్తసంబంధం కాదు, హమ్జాతో కుదిర్చిన సోదరబంధం. అలీ, జాఫర్ ఇద్దరూ అబూతాలిబ్ కొడుకులు, హమ్జా వాళ్ల నాన్నకు తమ్ముడు. కాబట్టి వాళ్లిద్దరూ అన్న "ఇబ్నతు అమ్మీ"ని "మా బాబాయి కూతురు" అని ధైర్యంగా రాయవచ్చు. జాఫర్ ఇంకో మాట కలిపాడు: "ఈమె ఖాలా నా భార్య." ఇక్కడ "పిన్ని" అని రాశారో, కథ బలం పోతుంది. పిన్ని అంటే బాబాయి భార్య కూడా కదా! జాఫర్ భార్య అస్మా, హమ్జా భార్య సల్మా అక్కచెల్లెళ్లు. తీర్పు నిలబడింది ఆ చుట్టరికం మీదే. "ఖాలా తల్లి స్థానంలో ఉంటుంది" అని ప్రవక్త పిల్లను ఆవిడకు అప్పగించారు. "పిన్ని తల్లితో సమానం" అంటే మనకు అందులో కొత్తేమీ వినిపించదు. పిన్ని అంటేనే పినతల్లి. నేనైతే "తల్లి తోడబుట్టినది తల్లి స్థానంలో ఉంటుంది" అని రాస్తాను. పెద్దా చిన్నా తేల్చే పని తప్పుతుంది, తల్లి వైపన్నదీ స్పష్టంగా ఉంటుంది.

ఇక కజిన్. అరబ్బుల్లో బింత్ అమ్మ్‌ను, అంటే తండ్రి అన్నదమ్ముల కూతురిని, చేసుకోవడం పాతకాలం నుంచీ ఉన్న ఆచారం. మనకు ఆ అమ్మాయి అక్కో చెల్లెలో అవుతుంది. పాఠకుడు ఉలిక్కిపడతాడని మరదలు అని రాస్తే అమ్మాయి మేనమామ ఇంటికో మేనత్త ఇంటికో మారిపోతుంది. "బాబాయి కూతురు" అనే ఉంచి, వాళ్లలో ఈ పెళ్లి మామూలేనని ముందుగా ఒక వాక్యం పెట్టండి. ఒక్క జాగ్రత్త. ఏ చుట్టరికమూ లేని భార్యను కూడా బింత్ అమ్మీ అని, పిల్లనిచ్చిన మామను అమ్మీ అని పిలుస్తుంటారు. అలాంటి చోట "ఏమోయ్", "మామగారూ" చాలు.

ఫారసీలో 1973లో వచ్చిన ఇరాజ్ పెజెష్క్‌జాద్ నవల "దాయీ జాన్ నాపొలియోన్" ఇంగ్లీషు పేరులో దాయీ ఉత్త అంకుల్ అయిపోయాడు. కథ చెప్పే కుర్రాడు ప్రేమించింది ఆ దాయీ కూతురు లేలీనే. అంటే మేనమామ కూతురు, అచ్చమైన మరదలు. ఆ అమ్మాయికి ఇతను మేనత్త కొడుకు. మీరు రాసిన "బావ" అక్కడ మాత్రం సరిగ్గా అతుకుతుంది.