బండి అమ్మేశాక యాక్సిడెంట్ అయితే బాధ్యత ఎవరిది?

“ఆమదాలవలసలో రెండేళ్ల కిందట బైక్ అమ్మేశాను. కొన్నాయన పేరు మార్చుకోలేదు. నరసన్నపేట దగ్గర ఒకర్ని గుద్దాడు. ఇప్పుడు పరిహారం కేసులో నాకూ నోటీసు వచ్చింది. నేను కట్టాలా?”

కట్టాల్సి రావచ్చు, అన్నయ్యా. క్రిమినల్ కేసు బండి నడిపినవాడి మీదే ఉంటుంది. పరిహారం మాత్రం వేరు. చట్టం దృష్టిలో ఆర్సీలో పేరున్నవాడే ఓనర్. చేతులు మారినా సరే, పేరు మారనంత వరకూ బాధ్యత మీదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అందుకే ముందు ఇన్సూరెన్స్ చూడండి. యాక్సిడెంట్ జరిగిన రోజుకి పాలసీ అమల్లో ఉంటే, మీ పేరునే ఉన్నా థర్డ్ పార్టీ పరిహారం మామూలుగా కంపెనీయే కడుతుంది. నడిపినవాడికి లైసెన్స్ లేకపోతే కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పే వీలుంది. పాలసీ అయిపోయి ఉంటే భారం నేరుగా మీ మీద పడుతుంది. మీకు అసలు టెన్షన్ అక్కడే.

నోటీసు పక్కన పడేయకండి. వెళ్లకపోతే మీ మాట వినకుండానే తీర్పు ఇచ్చేస్తారు. లాయర్‌తో కౌంటర్ వేయించి, అమ్మకం కాగితం, ఆయన సంతకం, డబ్బు ఫోన్‌పేలో వచ్చి ఉంటే ఆ స్టేట్‌మెంట్ పెట్టండి. కొన్నాయన కేసులో లేకపోతే ఆయన్నీ పార్టీగా చేర్చమని అడగండి. ఈ కాగితాలు బాధితుడి ముందు మిమ్మల్ని పూర్తిగా తప్పించవు గానీ, మీరు కట్టిన సొమ్ము రేపు ఆయన దగ్గర రాబట్టుకోవడానికి అవే ఆధారం.

బండి ఇంకా మీ పేరునే ఉంటే, అమ్మేశానని తెలిపే ఫారం 29 ఇప్పుడైనా ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మిన 14 రోజుల్లో ఇవ్వాల్సింది అదే. పాత ప్రమాదానికి అది పనికిరాదు, ఆయన ఇంకా అదే బండి నడుపుతున్నాడు కాబట్టి చెబుతున్నాను.