ఇసుక నేలకూ నల్లరేగడికీ ఒకే డ్రిప్పు సరిపోతుందా?

ప్రశ్న: మాకు అనంతపురం జిల్లాలో ఒక ఎకరం ఎర్ర ఇసుక నేల, ఒక ఎకరం నల్లరేగడి ఉన్నాయి. ఎర్ర చేలో 60 సెం.మీ.కు ఒక డ్రిప్పరు చొప్పున, గంటకు 4 లీటర్లు ఇచ్చే ఇన్‌లైన్ పైపులు వేశాం. రోజూ మూడు గంటలు మోటారు ఆడించినా డ్రిప్పర్ల మధ్యనున్న టమాట మొక్కలు వాడిపోయాయి. ఇప్పుడు నల్ల చేనుకూ డ్రిప్పు వేయాలి. ఎంత ఎడం పెట్టాలి, ఎంతసేపు నీరివ్వాలి?

జవాబు: మీ ఎర్ర చేలో నీరు తక్కువై మొక్కలు వాడలేదు, నీరు పక్కకు పాకక వాడాయి. ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి డ్రిప్పరు నుంచి పడిన నీరు నేరుగా కిందికి దిగుతుంది. తడిసిన భాగం ముల్లంగి దుంపలా సన్నగా, లోతుగా ఉంటుంది. నల్లరేగడిలో సన్నని బంకమట్టి నీటిని పక్కలకు పీల్చుకుంటుంది, కిందికి మాత్రం నిదానంగా వదులుతుంది. అందుకే అక్కడ తడి వెడల్పుగా, తక్కువ లోతులో పరుచుకుంటుంది.

మూడు గంటల్లో ఒక్కో డ్రిప్పరు 12 లీటర్లు పోసింది. తడి వెడల్పు 40 సెం.మీ. అనుకుంటే, టమాట వేర్లు ఎక్కువగా ఉండే పై 40 సెం.మీ. ఇసుక మట్టి పట్టి ఉంచగలిగేది 4 లీటర్లకు అటూఇటుగానే. మిగిలిన నీరు, డ్రిప్పులో యూరియా ఇస్తూ ఉంటే దానితో సహా, వేర్లకు అందని లోతుకు పోయింది. డ్రిప్పర్ల మధ్య మిగిలిన 20 సెం.మీ. మాత్రం పొడిగానే ఉండిపోయింది. ఇంకో గంట ఆడించినా తడి లోతు పెరుగుతుందే తప్ప ఆ పొడి భాగం తడవదు.

అయితే ఈ 40 సెం.మీ. అంచనా మాత్రమే. మీ నేలలో ఎంతో మీరే కొలవాలి. పైపు మధ్యలోని ఒక డ్రిప్పరు కింద గిన్నె పెట్టి 6 నిమిషాల్లో పడిన నీటిని కొలిచి పదితో హెచ్చిస్తే గంటకు ఎంత ఇస్తోందో తెలుస్తుంది. గిన్నె తీసేసి, మీరు ఇవ్వదలచినంతసేపు నీరు వదిలి, మర్నాడు డ్రిప్పరు దగ్గర పైపుకు అడ్డంగా పారతో గోతిని నిలువుగా కోయండి. తడి మట్టి రంగు ముదురుగా కనిపిస్తుంది. వెడల్పును 15–20 సెం.మీ. లోతులో కొలవాలి, ఎందుకంటే ఇసుక నేలలో పైన కనిపించే తడి వలయం చిన్నదిగా ఉండి లోపలి వెడల్పును దాచేస్తుంది. అడుగున గరుసు పొర తగిలితే నీరు దానిమీద పక్కకు పాకుతుంది కాబట్టి చేలో రెండు మూడు చోట్ల చూడడం మంచిది. వచ్చిన వెడల్పులో 80 శాతం ఎడం పెడితే తడి ఒకదానితో ఒకటి కలిసిపోతుంది. ఇసుకలో 40 వస్తే సుమారు 30 సెం.మీ., నల్లరేగడిలో 75 వస్తే 60 సెం.మీ. సరిపోతుంది.

ఇక సమయం. చదరపు మీటరుకు 1 మి.మీ. నీరంటే 1 లీటరు. కాపు మీదున్న టమాటకు రోజుకు 5 మి.మీ. కావాలని, పైపుల మధ్య దూరం 1.2 మీటర్లని అనుకుందాం. ఎర్ర చేలో 30 సెం.మీ. ఎడంలో ఒక్కో డ్రిప్పరు వాటా 0.36 చదరపు మీటర్లు, దానికి 1.8 లీటర్లు, వృథా కలిపి 2 లీటర్లు. గంటకు 2 లీటర్ల డ్రిప్పరైతే రోజుకు ఒక గంట చాలు. దాన్ని ఉదయం అరగంట, సాయంత్రం అరగంటగా ఇస్తే నీరు వేర్ల దగ్గరే నిలుస్తుంది. పైపు మీటరుకు గంటకు పడే నీరు పాత లెక్కంతే కాబట్టి మోటారు మార్చనక్కర్లేదు. పాత పైపులు తీయలేకపోతే, మొక్కలను డ్రిప్పర్ల పక్కనే నాటి, రోజుకు గంట నీటినే రెండు విడతలుగా ఇవ్వండి.

నల్ల చేలో 60 సెం.మీ. ఎడానికి రోజుకు 4 లీటర్లు కావాలి. అక్కడ కూడా గంటకు 2 లీటర్ల డ్రిప్పరే తీసుకోండి, 4 లీటర్లదైతే నేల పీల్చుకోలేక నీరు పైన నిలిచి సాలులోకి జారుతుంది. రోజుకు 2 గంటలు, లేదా రోజు విడిచి రోజు 4 గంటలు ఇవ్వవచ్చు. డ్రిప్పరు చుట్టూ నీరు నిలిచి పాచి పట్టినా, ఆకులు పసుపు రంగుకు తిరిగినా వేర్లకు గాలి అందడం లేదని గుర్తించి, ఒక విడతలో ఇచ్చే సమయాన్ని తగ్గించాలి. అలాగని నేల నెర్రెలు వారేదాకా నీరివ్వకుండా ఉండకండి. నెర్రెల్లో పడిన నీరు పక్కకు పాకకుండా లోతుకు జారిపోతుంది, అప్పుడు ఈ 60 సెం.మీ. లెక్క పనిచేయదు.