స్వాతికి పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం

స్వాతీ,

విజయవాడ స్కూల్లో మూడు నుంచి ఐదో తరగతి దాకా ఆటల సిలబస్ నీ చేతే రాయిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో రెండో పీఈటీవి, నా సంతోషం ఇంతా అంతా కాదు. కానీ నువ్వు పంపిన కాగితాలు చూశాక టెన్షన్ పట్టుకుంది. పైన ‘ఫిజికల్ లిటరసీ’ అని రాసి, మార్కులన్నీ 600 మీటర్ల పరుగుకీ ఖోఖో స్కిల్స్‌కీ పంచేశావేంటమ్మా?

ఎండ ముదిరాక పిల్లల్ని గ్రౌండ్‌లో ఉంచకు. నీళ్లు దగ్గరే పెట్టు. అవి నీకు తెలిసినవే.

ఆ ‘ఫిజికల్ లిటరసీ’ అనే ఆలోచనను 1990లలో మార్గరెట్ వైట్‌హెడ్ అనే ఆవిడ గట్టిగా ముందుకు తెచ్చింది. జీవితాంతం ఒంటిని కదిలించే పనులు చేస్తూ ఉండటానికి ఆసక్తి, ధైర్యం, చేతనైనతనం, అవగాహన నాలుగూ కలిసి ఉండాలంటుంది. ఫిట్‌నెస్ అలాంటిది కాదు, కొన్ని వారాలు మానేస్తే తగ్గిపోతుంది. ఖోఖోలో నేర్చిన డైవ్ ఎక్కువగా ఖోఖోకే పనికొస్తుంది.

గుంటూరులో నేను పనిచేసిన ఒక స్కూల్లో పరుగు టైమింగులు నోటీస్ బోర్డు మీద పెట్టేవాళ్లు. వయసులో పెద్దవాళ్లు, త్వరగా ఎదిగినవాళ్లే ఎప్పుడూ పైన ఉండేవాళ్లు. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. బంతి విసిరే వరుసలో తన వంతు దగ్గరపడగానే చెప్పులు సరిచేసుకుంటున్నట్టు వంగి, వెనకున్న పిల్లను ముందుకు పంపేసేది. పీరియడ్ అయ్యేదాకా ఒక్కసారీ విసిరేది కాదు. రిజిస్టర్‌లో మాత్రం ‘హాజరు’. ఏడో తరగతికల్లా గ్రౌండ్‌కే రావడం మానేసింది. నాకు భయం ఆ వెనక్కి జరిగే పిల్లల గురించే.

అందుకే విసరడమే ఒక పాఠంగా రాయి. వరుస వద్దు, ఇద్దరిద్దరికీ ఒక బంతి ఇవ్వు. టెన్నిస్ బంతి, గుడ్డ బంతి, పెద్ద బంతి, ఏది కావాలో వాళ్లే తీసుకోనీ. ఎంత దూరంలో నిలబడాలో కూడా వాళ్లిష్టమే. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకేసి చూడమను, తర్వాత కుడికాలు వేసి చూడమను. ‘ఏది దూరం పోయింది? ఎందుకు?’ అని అడుగు. నడుము తిరగడం వాళ్లే కనిపెడతారు. ఆఖరి పది నిమిషాలు ఏమీ చెప్పకుండా చూడు: బంతి తనంతట తాను తీసుకున్నదెవరు, కష్టమైన దూరం ఎంచుకున్నదెవరు, గోడ పక్కన నిలబడిపోయిందెవరు? రాసుకోవాల్సింది అది. అలాగని దాన్నీ మార్కులుగా మార్చకు. మారిస్తే నీ ముందు నటిస్తారు.

ఖేలో ఇండియా పరీక్షలు తీసేయమనడం లేదు. అందులోనూ మూడో తరగతికి పరుగు లేదు, ఎత్తూ బరువూ చూడటం కాక ఒంటికాలి మీద నిలబడటం, రెండు పలకల్ని చేత్తో గబగబా మార్చి మార్చి తట్టే ప్లేట్ ట్యాపింగే ఉన్నాయి. ఒక్కో పిల్ల అంకెలు ఆ పిల్ల పోయిన ఏటి అంకెల పక్కనే రాసి, తల్లిదండ్రులకు విడిగా చూపించు.

హెడ్‌మాస్టర్ గారు ర్యాంకులు కావాలంటే మాత్రం ఒప్పుకోకు తల్లీ. ఆ మార్కుల పట్టిక మార్చి, ఆదివారం కాగితాలు పట్టుకుని రా. కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ