టెక్ సందేహాలు: ఉచితంగా దిగిన పాట, సినిమాలో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: పర్లాకిమిడిలో ఉంటాను. బ్లెండర్‌లో ఏడు నిమిషాల యానిమేషన్ చిత్రం చేశాను. దించుకున్న వాటికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులున్నాయి: వేణువు బాణీకి CC BY-ND, వాన చప్పుడుకు CC BY-NC, చెట్టు మోడల్‌కు CC BY అని ఉంది. అన్నీ ఉచితమే. వినాయక చవితి పందిట్లో వేసి, తర్వాత యూట్యూబ్‌లో ప్రకటనలతో పెడితే ఇబ్బందా? (ఒక పాఠకుడు)

జవాబు: ఈ ఉత్తరం నెలకొకసారైనా వస్తూనే ఉంది. తప్పంతా మీదే అనను. ఆ సైట్లలో డౌన్‌లోడ్ బటన్ అరచేయంత ఉంటుంది, షరతులు మాత్రం వెతికితే గాని కనిపించవు.

ముందు వేణువు సంగతి. ND అంటే మార్చినదాన్ని నలుగురికీ పంచకూడదని. బాణీని కత్తిరించకుండా మొత్తం వాడాను కదా అంటారు. అయినా కుదరదు. కదిలే బొమ్మకు సంగీతాన్ని జతపరిచి నడిపించడమే మార్పు కిందికి వస్తుందని ఆ లైసెన్సులోనే రాసి ఉంది. కాబట్టి టికెట్టు లేని పందిట్లో కూడా వేయకూడదు. వేణువు వాయించినవారికి మెయిల్ రాసి విడిగా అనుమతి తెచ్చుకోండి, లేదా బాణీ మార్చండి. మార్చేటప్పుడు SA ఉన్నది ఎంచుకుంటే మీ చిత్రాన్నీ అదే లైసెన్సుతో వదలాల్సి వస్తుంది, చూసుకోండి.

NC అంటే డబ్బు సంపాదనకు వాడకూడదని. ఆ వాన చప్పుడు టికెట్టు లేని పందిట్లో పరవాలేదనుకున్నా, యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రాగానే చిక్కే. దీనికి ఇంత తంటా ఎందుకో నాకు అర్థం కాదు. గంజాం, గజపతి జిల్లాల్లో వానలకు కొదవా? చూరు కింద ఫోను పెట్టి రికార్డు చేసుకోండి.

చెట్టు మోడల్‌కు బాధ లేదు. BY అంటే చేసినవారి పేరు చెప్పి వాడుకోమని. చేసినవారి పేరు, మోడల్ పేరు, అది దొరికిన లంకె, లైసెన్సు, మీరు మార్చి ఉంటే ఆ మాట చిత్రం చివరి పేర్లలోనే వేయండి. వీడియో కింద రాస్తే పందిట్లో ఎవరికి కనిపిస్తుంది? లైసెన్సు కనిపిస్తున్న పేజీని దించుకున్న రోజే తేదీతో సహా PDFగా దాచండి. రేపు ఆ పేజీ మాయమైతే మీ దగ్గర మిగిలే రుజువు అదొక్కటే. పెట్టినవారి ఖాతాలో ఒకదానికొకటి పొంతన లేని గాయకుల పాటలు ఉంటే అవి వారివి కావని అనుమానించండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది వేరే. అన్నీ సరిగ్గా ఉన్నా కాపీరైట్ క్లెయిము రావచ్చు. నిజమైనది యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో పక్కనే కనిపిస్తుంది, అక్కడే PDF చూసుకుని అభ్యంతరం రాయవచ్చు. మోసగాళ్లు మాత్రం ‘మీ ఛానల్‌పై ఫిర్యాదు, ఆధారాలు జతపరిచాం’ అంటూ పాస్‌వర్డ్ ఉన్న జిప్ ఫైలు పంపుతారు. పాస్‌వర్డ్ పెట్టడం వైరస్ తనిఖీకి దొరకకుండా ఉండటానికే. దాన్ని విప్పి లోపలి ఫైలు నడిపితే మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని గుర్తుపెట్టుకునే బ్రౌజర్ కుకీలు వాళ్లకు చేరతాయి. అప్పుడు రెండంచెల తనిఖీ ఉన్నా ఛానల్ చేజారుతుంది. ఇప్పటికే నడిపి ఉంటే ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేసి, మరో ఫోను నుంచి అన్ని పరికరాల్లోనూ సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చండి.